చదివిందెవరు, విన్నదెవరు?

"గ్రూపులో పెట్టాను కదండీ, చూసుకోలేదా?" అపార్ట్‌మెంట్లలో, బడుల్లో, బంధువుల మధ్య ఈ మధ్య చాలా తగాదాలు ఈ ప్రశ్నతోనే మొదలవుతున్నాయి. మెయింటెనెన్స్ డబ్బుల గడువు కావచ్చు, స్కూల్ బస్సు వేళ మారడం కావచ్చు, పెళ్లిలో భోజనాల హాలు మారిపోవడం కావచ్చు. పెట్టినవాళ్లు పెట్టామంటారు. రానివాళ్లు మాకు రాలేదంటారు. మధ్యలో ఎవరి మాట నిజమో తేల్చే సాక్ష్యం ఒకటి పంపినవాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన ప్రతి సందేశం వెనకా ఒక చిన్న జాబితా తయారవుతుంది. అది ఎవరి ఫోన్‌కి చేరింది, ఎవరు చాట్ తెరిచారు, వాయిస్ మెసేజ్ అయితే ఎవరు ప్లే చేశారు అన్నది పేర్లతో, సమయాలతో సహా చూపిస్తుంది. దాని పేరు మెసేజ్ ఇన్ఫో. ఏళ్ల తరబడి వాట్సాప్ వాడుతున్నవాళ్లలో కూడా చాలామంది ఆ తెర తెరిచి ఉండరు. తెరిచినవాళ్లలో కొందరు అందులో లేని అర్థాలు తీస్తుంటారు.

తెరవడం కష్టమేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గ్రూపులోకి వెళ్లి, మనం పంపిన సందేశం మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోవాలి. పైన వచ్చే పట్టీలో మూడు చుక్కల మీద నొక్కితే Info అని కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో చుక్కల దాకా వెళ్లే పని లేకుండా సున్నాలో ఐ అక్షరం ఉన్న గుర్తు నేరుగా పైనే ఉంటుంది. ఐఫోన్‌లో అయితే సందేశాన్ని వేలితో ఎడమవైపుకు జరిపితే చాలు. కంప్యూటర్‌లో వాడేవాళ్లు మౌస్‌ని సందేశం మీదకు తెస్తే మూలన చిన్న బాణం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే Message info ఉంటుంది. ఒకటే షరతు. సందేశం మనం పంపినదై ఉండాలి. ఇంకొకరు పెట్టిన దానికి ఈ జాబితా మనకు రాదు. గ్రూప్ అడ్మిన్ అయినా సరే, ఇతరుల సందేశాలు ఎవరెవరు చూశారో ఆయనకూ కనిపించదు. ఈ సంగతి తెలియక "మీరు అడ్మిన్ కదా, నా మెసేజ్ ఎవరు చూశారో చెప్పండి" అని అడిగేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు.

అసలు గందరగోళం టిక్కుల దగ్గర మొదలవుతుంది. ఇద్దరి మధ్య మాటల్లో టిక్కుల లెక్క సులువు. ఒక బూడిద టిక్కు అంటే మన ఫోన్ నుంచి వెళ్లింది. రెండు బూడిద టిక్కులంటే అవతలి ఫోన్‌కి చేరింది. రెండూ నీలమైతే చదివారు. 2014 నవంబరులో ఈ నీలం టిక్కులు వచ్చినప్పటి నుంచి ఈ లెక్క పిల్లలకు కూడా నోటికి వచ్చేసింది. గ్రూపులో అవే టిక్కులు ఉంటాయి కానీ లెక్క వేరు. గ్రూపులో రెండో టిక్కు పడాలంటే సందేశం ప్రతి ఒక్క సభ్యుడి ఫోన్‌కీ చేరాలి. రెండూ నీలం కావాలంటే ప్రతి ఒక్కరూ చదవాలి. వంద మందిలో తొంభై తొమ్మిది మంది చదివేసి, ఒక్క పెద్దాయన ఫోన్ ఛార్జింగ్ లేక బీరువాలో పడి ఉంటే, పంపినవారికి కనిపించేది ఒకే ఒక్క బూడిద టిక్కు. అంటే గ్రూపులో టిక్కు చెప్పేది అందరికంటే వెనకబడ్డ మనిషి గురించి. మిగతావాళ్ల గురించి అది ఏమీ చెప్పదు. ఆ లోటు తీర్చడానికే ఇన్ఫో తెర.

ఇలా ఎందుకు ఉంటుందో అర్థం కావాలంటే లోపల జరిగేది కొంచెం తెలియాలి. గ్రూపులో ఒక సందేశం పంపినప్పుడు అది తాళం వేసిన రూపంలో వాట్సాప్ సర్వర్‌కి వెళ్తుంది. సర్వర్ దాన్ని తెరిచి చదవలేదు కానీ, గ్రూపులో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో ప్రతి పంపిస్తుంది. ప్రతి అందుకున్న ఫోన్ "నాకు చేరింది" అని ఒక చిన్న రసీదు వెనక్కి పంపుతుంది. ఆ మనిషి చాట్ తెరిచినప్పుడు "చదివారు" అని ఇంకో రసీదు వస్తుంది. వాయిస్ మెసేజ్ మీద ప్లే నొక్కితే మూడో రసీదు. ఈ రసీదులన్నీ ఎవరివి వారివిగా పంపినవారి ఫోన్‌కి చేరుతాయి. ఇన్ఫో తెర వాటిని పేర్లవారీగా పేర్చి చూపిస్తుంది, టిక్కు వాటన్నిటినీ కలిపి ఒకే గుర్తుగా కుదిస్తుంది. ఫోన్ ఆపేసి ఉన్నవాళ్ల ప్రతి సర్వర్‌లోనే 30 రోజుల వరకు ఎదురుచూస్తుంది. అప్పటికీ తీసుకోకపోతే తుడిచేస్తారు.

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. గ్రూపులో 60 మంది ఉన్నారు. అసోసియేషన్ సెక్రటరీ రాత్రి 9 గంటలకు టైపు చేసే ఓపిక లేక ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. రేపు సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిస్తున్నాం, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీళ్లు రావు, ముందుగా పట్టి పెట్టుకోండి అని. ఒకటిన్నర నిమిషం మాట్లాడారు. అందులో మొదటి అర నిమిషం కిందటి నెల ట్యాంకర్ల ఖర్చు గురించి.

పదిన్నరకి ఇంట్లో ఆవిడ ఫోన్ చూసి అన్నారు, "ఏవండీ, సింగిల్ టిక్కే ఉంది. ఎవరికీ వెళ్లినట్టు లేదు, ఇంకోసారి పెట్టండి."

చాలామంది సరిగ్గా ఇక్కడే అదే సందేశాన్ని మళ్లీ పెడతారు. గంట తర్వాత మూడోసారి. పొద్దున్నే లేచి చూసినవాళ్లకి ఒకే గొంతు మూడుసార్లు కనిపిస్తే విసుగొచ్చి ఒక్కటీ వినరు. ఈ సెక్రటరీ మాత్రం ఇన్ఫో తెరిచారనుకుందాం. ఆయన పోగా సభ్యులు 59 మంది. Played by కింద 17 పేర్లున్నాయి. Read by కింద 21. Delivered to కింద 15. ఫోన్‌ని బట్టి, సందేశం రకాన్ని బట్టి Read బదులు Seen అని కూడా ఉండొచ్చు, అర్థం ఒకటే. మూడూ కలిపితే 53. అంటే ఆరుగురికి ఇంకా చేరనే లేదు. ఆ ఆరుగురి పేర్లు ఎక్కడా కనిపించవు. వాళ్లెవరో తెలియాలంటే గ్రూప్ సభ్యుల జాబితా పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి. టిక్కు ఒకటే ఉండటానికి కారణం ఆ ఆరుగురు. మిగిలిన 53 మంది ఫోన్లలో సందేశం నిక్షేపంగా ఉంది. మళ్లీ పంపాల్సిన పని లేదు.

ఉదయం 7 గంటలకు మళ్లీ చూస్తే లెక్క మారింది. ప్లే చేసినవాళ్లు 31 మంది, చాట్ తెరిచి ప్లే చేయనివాళ్లు 20, చేరింది కానీ తెరవనివాళ్లు 5, అసలు చేరనివాళ్లు 3. రాత్రి ఎక్కడా లేని ఆరుగురిలో ఇద్దరు నేరుగా ప్లే చేసినవాళ్ల జాబితాలో తేలారు. వాళ్లు రాత్రి డేటా ఆపేసి పడుకుని పొద్దున్నే ఆన్ చేసి ఉంటారు, లేదా బ్యాటరీ ఆదా కోసం పెట్టిన సెట్టింగు వల్ల వాట్సాప్ తెరిచేదాకా సందేశాలు దిగి ఉండవు. ఇంకొకరు కనీసం చేరిన జాబితాలోకి వచ్చారు. మిగిలిన ముగ్గురి సంగతి పాత నంబరో, పాడైన ఫోనో అయి ఉంటుంది. ఎన్నో రోజులుగా ప్రతి సందేశానికీ ఇవే పేర్లు చేరనివాళ్లలో ఉంటే ఆ నంబర్లు ఇక వాడుకలో లేవని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. గ్రూపులో ఎప్పటికీ రెండో టిక్కు పడకపోవడానికి మామూలుగా కారణం ఇలాంటి ఒకటి రెండు నంబర్లే.

జాబితాలో ఒక పేరు ఎదురుగా తెల్లవారుజామున 3:10 అని ఉంటుంది. నిద్ర పట్టక చూశారేమో అని జాలిపడక్కర్లేదు. ఆ ఫ్లాటు యజమాని డల్లాస్‌లో ఉన్నారు. ఇన్ఫోలో కనిపించే సమయం పంపినవారి ఫోన్ గడియారం ప్రకారం ఉంటుంది. మన తెల్లవారుజాము మూడింటికి అక్కడ వేసవిలో ముందురోజు సాయంత్రం నాలుగున్నర. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో "అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తున్నావు" అని పడే చీవాట్లలో కొన్ని ఈ గంటల తేడా మర్చిపోవడం వల్ల వచ్చేవే.

ఇప్పుడు సెక్రటరీ చేయాల్సిన పని ఆ నాలుగు అంకెల్లోనే ఉంది. చేరని ముగ్గురికీ, తెరవని ఐదుగురికీ ఫోన్ చేయించాలి, లేదా వాచ్‌మన్‌ని పంపి తలుపు తట్టించాలి. ఎనిమిది తలుపులు పెద్ద పనేం కాదు, అరవై అయితే కష్టం కానీ. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ 20 మంది సంగతి. వాళ్లు గ్రూపు తెరిచారు, వాయిస్ మెసేజ్ ఉందని చూశారు, వినలేదు. పక్కన ఎవరో ఉండొచ్చు, బస్సులో ఉండొచ్చు, ఒకటిన్నర నిమిషం అని చూసి తర్వాత విందాంలే అనుకుని ఉండొచ్చు. వాళ్లని తిట్టి లాభం లేదు. "ఈ రోజు 10 నుంచి 4 వరకు నీళ్లు రావు" అని ఒక వాక్యం టైపు చేసి పెడితే సరిపోతుంది. చాట్ తెరవగానే కళ్లపడుతుంది, ప్లే నొక్కే పని లేదు. ఇన్ఫో తెర వల్ల ఒక సెక్రటరీకి కలిగే నిజమైన లాభం ఇదే. ఎవరు తప్పు చేశారో పట్టుకోవడానికి కంటే, తన సందేశం ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

వాయిస్ మెసేజ్‌కి మాత్రమే మూడో మెట్టు ఎందుకన్నది కొందరి అనుమానం. రాసిన మాట తెర మీద కనబడగానే కంటికి అందుతుంది. గొంతు అలా కాదు, నొక్కితేనే మాట్లాడుతుంది. అందుకే దానికి చిన్న మైకు గుర్తు విడిగా ఉంటుంది. మనం పంపిన వాయిస్ మెసేజ్ మీద ఆ మైకు బూడిద రంగులో ఉంటే ఇంకా ఎవరో ఒకరు వినలేదని, నీలంగా మారితే అందరూ ప్లే చేశారని అర్థం. ఇక్కడా టిక్కుల సూత్రమే, ఒక్కరు మిగిలినా బూడిదే. ప్లే చేశారంటే పూర్తిగా విన్నారని కూడా కాదు. మొదలుపెట్టి, ట్యాంకర్ల ఖర్చు దగ్గరే ఆపేసి, నీళ్ల మాట దాకా రానివాళ్లు కూడా ప్లేడ్ జాబితాలోనే ఉంటారు. వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు అసలు సంగతి మొదటి పది సెకన్లలో చెప్పేయాలనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

చదివారు అన్న మాటనీ ఇంతే జాగ్రత్తగా తీసుకోవాలి. వాట్సాప్ దృష్టిలో చదవడం అంటే చాట్ తెరవడం. రెండు వందల సందేశాలు పేరుకుపోయిన బంధువుల గ్రూపుని, పైన ఎర్రబడ్డ అంకె పోవాలని తెరిచి వెంటనే మూసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ఒక్క తెరవడంతో అన్నీ చదివినట్టు లెక్కకొస్తాయి. అమ్మ ఫోన్‌లో ఆడుకుంటున్న ఆరేళ్ల పిల్లాడు గ్రూపు తెరిచినా చదివింది అమ్మే. బడి పంపిన పీడీఎఫ్ సర్క్యులర్ విషయంలో తేడా ఇంకా ఎక్కువ. వాయిస్‌కి ఉన్నట్టు పీడీఎఫ్‌కి "తెరిచారు" అనే విడి జాబితా లేదు. ఫైలు దించుకోకుండా దాని పేరు మాత్రం చూసినవాళ్లు కూడా రీడ్ జాబితాలోనే కనిపిస్తారు.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. డెలివర్డ్ జాబితాలో ఉన్నవాళ్లంతా చూడనివాళ్లు కారు. ఫోన్ పై అంచు నుంచి దిగే నోటిఫికేషన్‌లోనే నాలుగు లైన్లు చదువుకుని, చాట్ తెరవకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకి విషయం పూర్తిగా తెలుసు, జాబితా మాత్రం తెలియదంటుంది. వాయిస్ మెసేజ్‌ని తమ ఇంకో చాట్‌కి ఫార్వర్డ్ చేసుకుని అక్కడ వినే చిట్కా కుర్రకారుకి బాగా తెలుసు. అలా విన్నది మొదట పంపినవారి లెక్కలోకి రాదు. ఇక డెలివర్డ్ అంటే చేతిలోని ఫోన్‌కే చేరిందని కూడా కాదు. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ కలిపి ఉంచితే, ఫోన్ ఆగిపోయి ఉన్నా కంప్యూటర్‌కి చేరిందే చేరినట్టు. "డెలివరీ అయింది కదా, ఫోన్ ఆన్‌లోనే ఉంది, ఎత్తడం లేదు" అని కోపం తెచ్చుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తప్పు సందేశం పడినప్పుడు ఇన్ఫో మరో రకంగా ఉపయోగపడుతుంది. ఆఫీసు గ్రూపులో పడాల్సిన జీతాల పట్టిక అత్తవారింటి గ్రూపులో పడిందనుకోండి. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా తుడిచేయడానికి రెండు రోజుల పైచిలుకు గడువుంటుంది. కంగారులో ముందు తుడిచేస్తాం. తుడిచే ముందు రెండు సెకన్లు ఇన్ఫో చూసుకుంటే ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలో తెలుస్తుంది. రీడ్ జాబితాలో ఎవరూ లేకపోతే చాలావరకు గండం గడిచినట్టే. నోటిఫికేషన్లలో చదివే మామగారు ఉంటే మాత్రం హామీ ఇవ్వలేం.

ఈ రసీదుల బరువు కుటుంబ గ్రూపుల దగ్గరే ఆగలేదు, కోర్టుల దాకా వెళ్లింది. 2018 జూన్‌లో బాంబే హైకోర్టులో ఒక క్రెడిట్ కార్డు బాకీ కేసు వచ్చింది. బాకీ ఉన్న వ్యక్తి నోటీసు అందుకోకుండా తప్పించుకుంటుంటే, సంస్థ ఆయన నంబరుకి వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా నోటీసు పంపింది. జస్టిస్ గౌతమ్ పటేల్ తెర మీది గుర్తులు చూసి సందేశం, జతచేసిన పత్రం రెండూ చేరాయని, తెరిచారని గమనించి, నోటీసు అందినట్టే పరిగణించారు. తర్వాత కొవిడ్ రోజుల్లో, 2020 జులైలో, సుప్రీంకోర్టు వాట్సాప్ లాంటి వాటి ద్వారా కూడా కోర్టు నోటీసులు పంపవచ్చని అనుమతించింది. అయితే అదే రోజు ఈ-మెయిల్ ద్వారా కూడా పంపి తీరాలని షరతు పెట్టింది. టిక్కుని నమ్మింది కానీ టిక్కుని ఒక్కదాన్నే నమ్మలేదు. 2025 జనవరిలో ఇంకో మెట్టు వెనక్కి వేసింది. విచారణకు రమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద పోలీసులు ఇచ్చే నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లవని తేల్చింది. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన చోట నీలం టిక్కు చాలదన్నమాట. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి అంత నియమం అక్కర్లేదు కానీ, "బ్లూ టిక్ పడింది కాబట్టి జరిమానా కట్టాల్సిందే" అనే ముందు కోర్టులే ఎంత ఆచితూచి అడుగు వేశాయో గుర్తుకు తెచ్చుకుంటే మంచిది.

మిగతా యాప్‌లలో ఈ వ్యవహారం ఒకేలా లేదు. సిగ్నల్‌లో చదివిన రసీదులు ఆపేసుకుంటే అది గ్రూపులకూ వర్తిస్తుంది. టెలిగ్రామ్ చిన్న గ్రూపుల్లో మాత్రమే ఎవరు చదివారో చూపిస్తుంది, అది కూడా వారం రోజుల వరకే. వేల మంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపులో ఆ జాబితా దొరకదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. అంత పెద్ద గ్రూపులో రెండు టిక్కులూ నీలం కావాలని ఎదురుచూడటం వృథా ప్రయాస.

తరచూ వినిపించే మరో ప్రశ్న, నీలం టిక్కు ఆపేస్తే ఈ బాధ ఉండదు కదా అని. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద Read receipts అని ఉంటుంది. దాన్ని ఆపితే మీరు చదివినట్టు అవతలివారికి తెలియదు, బదులుగా వాళ్లు చదివారో లేదో మీకూ తెలియదు. ఇది ఇద్దరి మధ్య చాట్‌లకే పరిమితం. గ్రూపులో చదివిన రసీదుల్ని ఆపే వీలు లేదు. వాయిస్ మెసేజ్ ప్లే చేసిన రసీదుని ఎక్కడా ఆపలేం, ఇద్దరి మధ్య చాట్‌లో కూడా. సెట్టింగు ఆపేసుకుని నిశ్చింతగా ఉన్న ఉద్యోగి, ఆఫీసు గ్రూపులో మేనేజర్ పెట్టిన సందేశం తెరిచి, మర్నాడు "నేను చూడలేదు సార్" అంటే మేనేజర్ ఫోన్‌లో ఆయన పేరు, తెరిచిన సమయం సిద్ధంగా ఉంటాయి. ఇది తెలియక దొరికిపోయేవాళ్లు తక్కువేం కాదు.

అందుకే అవతలివారి జవాబు నిజంగా కావాలంటే రసీదుల మీద ఆధారపడకూడదు. విహారయాత్రకి ఎవరు వస్తున్నారో తెలియాలా? పోల్ పెట్టండి, ఎవరు ఏది ఎంచుకున్నారో పేర్లతో కనిపిస్తుంది. బస్సు వేళ మారిన సంగతి తల్లిదండ్రులకు అర్థమైందో లేదో టీచరు తెలుసుకోవాలా? చూసినవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టమని ఆ సందేశంలోనే అడగాలి. చాట్ తెరవడం అనుకోకుండా జరిగిపోవచ్చు, బొటనవేలు మాత్రం మనిషి కావాలని నొక్కాలి. ఆ గుర్తు పెట్టనివాళ్లు ఎవరో చూసుకుని, వాళ్ల పేర్లు ఇన్ఫోలో ఏ జాబితాలో ఉన్నాయో చూస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి మళ్లీ ఒక మాట గుర్తుచేస్తే చాలో తేలిపోతుంది. డెలివర్డ్‌లో ఉన్నవాళ్లకి ఫోన్. రీడ్‌లో ఉన్నవాళ్లకి ఒక సందేశం.

ఇన్ఫో తెర స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులోనే పెట్టి, "వీళ్లంతా చూసి కూడా పలకలేదు" అని చాటింపు వేసేవాళ్లు అక్కడక్కడా కనిపిస్తున్నారు. అది మానుకోవాలి. ఆ జాబితా చెప్పేది చాట్ తెరుచుకుందని మాత్రమే. ఆ ఇంట్లో జ్వరంతో పడుకున్నవారు ఉన్నారో, ఫోన్ పిల్లల చేతిలో ఉందో అది చెప్పదు. అడగాలనుకుంటే ఆ మనిషికి విడిగా ఒక మాట పంపి అడగొచ్చు.

ఈ గొడవంతా ఎందుకని గ్రూపు నుంచి బయటకు వెళ్లిపోదామనుకునేవాళ్లకి చివరిగా ఒక మాట. 2022 నుంచి గ్రూపు వదిలితే ఆ సంగతి అడ్మిన్లకి తప్ప మిగతావారికి తెలియకుండా వాట్సాప్ ఏర్పాటు చేసింది. కానీ మీరు గ్రూపులో ఉన్నప్పుడు వచ్చిన సందేశాల ఇన్ఫో జాబితాల్లో మీ పేరు అలాగే ఉంటుంది. మీరు వెళ్లిపోయినా, ఏ సందేశాన్ని ఎప్పుడు తెరిచారో పంపినవారు ఆ తర్వాత కూడా చూసుకోవచ్చు.